జీడిపప్పు వేయని పూతరేకులకు అలర్జీ వివరం ఎలా రాయాలి?

నమస్కారమండి. మాది ఆత్రేయపురం, పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. పంచదార రకంలో బియ్యపు రేకు, నెయ్యి, పంచదార పొడి, యాలకులే ఉంటాయి. కానీ అదే బల్ల మీద జీడిపప్పు రకం కూడా చుడతాం. బాబుకు జీడిపప్పు పడదని ఒకావిడ అడిగితే, పొడి అంటుకుని ఉండొచ్చని చెప్పి అమ్మలేదు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. "పాల పదార్థం (నెయ్యి) ఉంది, జీడిపప్పు ఆనవాళ్లు ఉండొచ్చు" అని పదార్థాల కిందే రాస్తే చాలా? విడిగా బల్ల, పళ్లేలు కూడా పెట్టాలా?

బరువు డబ్బాతో 460 గ్రాములు, ఖాళీ డబ్బా 60. అందుకే నికర బరువు 400 అని వేస్తున్నాను.

వానాకాలంలో బెల్లం రకం చెమ్మకు ముందే మెత్తబడుతోంది. దానికి తక్కువ గడువు వేయాలా? "మూత బిగించి, తడి తగలకుండా ఉంచండి" అంటే సరిపోతుందా?