ఆయామం π/3 అని పెడితే తప్పెందుకు?

రాజాం విద్యార్థి: −1 − i√3 కు ధ్రువరూపం అడిగారు. మాపం 2, tan θ = √3, కనుక 2(cos π/3 + i sin π/3) గుర్తించాను. తప్పన్నారు. ఎందుకు?

చీపురుపల్లి తండ్రి: మా అమ్మాయికీ నిరుడు కోచింగ్ పరీక్షలో ఇదే అన్యాయం జరిగింది. 4π/3 అని రాస్తే −2π/3 కావాలని మార్కు కోసేశారు. రెండూ ఒకే బిందువు కాదా? దిద్దినవారినే నిలదీయాలి.

టెక్కలి లెక్చరర్: అయ్యా, మీ అమ్మాయి సంగతి వేరు, ఈ అబ్బాయి సంగతి వేరు. ఇతను గుర్తించినదాన్ని విప్పి చూస్తే 1 + i√3 వస్తుంది. ఇచ్చిన సంఖ్యలో రెండు భాగాలూ రుణాత్మకాలు కనుక అది మూడో పాదంలో ఉంది. −√3 ని −1 తో భాగించగానే రెండు రుణ గుర్తులూ కొట్టుకుపోయి, బిందువు ఏ వైపున ఉందో తెలిపే ఆధారమే పోయింది.

బొబ్బిలి మాస్టారు: నేను ఏళ్ల తరబడి tan తోనే చెబుతున్నాను. ఇదే సంఖ్యకు ఆరో ఘాతం కట్టండి, π/3 పెట్టినా 64, −2π/3 పెట్టినా 64. పిల్లలను ఇంతగా బెదరగొట్టడం దేనికి?

టెక్కలి లెక్చరర్: మీరు సరి ఘాతం ఎంచుకున్నారు కనుక అలా కుదిరింది. ఇక్కడ పాదం తప్పితే చేతికొచ్చేది z కాదు, −z. సరి ఘాతంలో ఆ రుణం మాయమవుతుంది. మూడో ఘాతం కట్టండి: −2π/3 తో 8, π/3 తో −8. ఈ అలవాటు ఇన్నాళ్లు బయటపడకపోవడానికి కారణం అదే.

బొబ్బిలి మాస్టారు: అంటే నా పాఠమే తప్పంటారా? ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలిస్తారు. ప్రతి సంఖ్యకూ బొమ్మ గీస్తూ కూర్చుంటే మిగతా లెక్కలు ఎవరు చేస్తారు? మీరు గణితం గురించి మాట్లాడుతున్నారు, నేను గడియారం గురించి మాట్లాడుతున్నాను.

టెక్కలి లెక్చరర్: బొమ్మ అక్కరలేదండీ. భాగించే ముందే గుర్తులు చూడమనండి. రెండూ రుణమైతే tan ఇచ్చిన π/3 లోంచి π తీసేస్తే −2π/3 వస్తుంది. దానికి గడియారం అడ్డు రాదు.

చీపురుపల్లి తండ్రి: మా 4π/3 మాటేమిటి?

టెక్కలి లెక్చరర్: ఉత్త ధ్రువరూపమే అడిగితే అది తప్పు కాదు. ప్రధాన ఆయామం అడిగితే విలువ −π కంటే ఎక్కువై, π ని మించకుండా ఉండాలి, అప్పుడు −2π/3 ఒక్కటే చెల్లుతుంది. ప్రశ్నలో ఏ మాట ఉందో చూడాలి.

చీపురుపల్లి తండ్రి: ప్రశ్నపత్రం వాళ్లు వెనక్కి ఇవ్వలేదు.

రాజాం విద్యార్థి: ప్రధాన అన్న మాట లేకుండా ఆ రెండూ ఐచ్ఛికాల్లో ఉంటే ఏది పెట్టాలి?

బొబ్బిలి మాస్టారు: −2π/3 పెట్టు, బాబూ. కీ ఎప్పుడూ అదే ఉంటుంది.

టెక్కలి లెక్చరర్: అలాంటి ప్రశ్నకు రెండు సరైన జవాబులుంటాయి. కీ మీద అభ్యంతరం పెట్టాలి.