"శేషం భాజకం కంటే చిన్నది": ఈ "చిన్నది" దేన్ని బట్టి?

తూనీగ: ఐడియల్ అంటే లోపలివాటిని కలిపినా, తీసేసినా, ఏ పూర్ణాంకంతో గుణించినా బయటికి పోని సమితి. పూర్ణాంకాల్లో ప్రతి ఐడియలూ ప్రిన్సిపలే, అంటే ఒకే సంఖ్య గుణిజాలతో ఏర్పడేదే అనే నిరూపణ చదువుతున్నాను. చివర్లో "శేషం భాజకం కంటే చిన్నది, కాబట్టి సున్నా" అని తేల్చేశారు. చిన్నదైతే సున్నా ఎందుకవ్వాలండీ?

కొసమెరుపు: అదంతా గసాభా మహిమే. ఉదాహరణకు 84, 30 కలిసి పుట్టించే ఐడియల్ తీసుకోండి: 84x + 30y రూపంలో వచ్చేవన్నీ 6 గుణిజాలు. కనుక ఐడియల్ మొత్తం 6 నుంచే పుడుతుంది.

పాతపలక: సగం సరిగ్గా ఉంది. అన్నీ 6 గుణిజాలే, కానీ 6 ఆ ఐడియల్లో ఉందని చూపాలి కదా! 84లోంచి రెండు 30లు తీస్తే 24 మిగులుతుంది, 30లోంచి ఆ 24 తీస్తే 6. అంటే 6 = 3·30 − 84. ఇప్పుడు పూర్తయింది.

తూనీగ గారూ, ఐడియల్ ఎలా ఇచ్చినా సరే, సున్నా ఒక్కటే కాకపోతే చాలు, అందులోని అతి చిన్న ధన సంఖ్యను d అనండి. అందులోని ఏ a నైనా d తో భాగిస్తే a = qd + r. ఈ r = a − qd కూడా ఐడియల్లోదే, పైగా d కంటే చిన్నది. d కంటే చిన్న ధన సంఖ్య అక్కడ లేదని ముందే అనుకున్నాం. అందుకే r సున్నా.

సెమికోలన్: నా C ప్రోగ్రాంలో `-7 % 3` కి `-1` వస్తోంది. నిరూపణ చెడిపోయినట్టేనా?

పాతపలక: లేదు. గుర్తు వదిలేసి |r| < |d| అని కొలవండి, అదే వాదన నడుస్తుంది. అసలు కావలసింది ఒక కొలత, దానిలో భాజకం కంటే తగ్గే శేషం. ఆ రెండూ ఉన్నదే యూక్లిడియన్ డొమైన్. a + bi సంఖ్యలకు a² + b² కొలత: 7 + 3i ని 2 + i తో భాగిస్తే 3.4 − 0.2i వస్తుంది, దగ్గరి 3 తీసుకుంటే శేషం 1. దాని కొలత 1, భాజకానిది 5.

కొసమెరుపు: అలాగైతే i బదులు √−5 పెట్టినా అంతేగా?

పాతపలక: అక్కడే బెడిసికొడుతుంది. 2, 1 + √−5 కలిసి పుట్టించే ఐడియల్ చూడండి. కొలత a² + 5b². ఒకే జనకం ఉంటే దాని కొలత ఆ రెండింటి కొలతలైన 4నీ 6నీ భాగించాలి, అంటే 1 లేదా 2. a² + 5b² ఎప్పటికీ 2 కాదు. 1 అయితే ఐడియల్లో 1 ఉండాలి. కానీ అందులోని ప్రతి a + b√−5 కీ a + b సరిసంఖ్యే.

తూనీగ: మరి తిరగేస్తే? ఐడియల్స్ అన్నీ ప్రిన్సిపల్ అయితే అలాంటి భాగహారం తప్పక ఉంటుందా?

పాతపలక: ఉండదు. (1 + √−19)/2 చేరిన రింగ్‌లో ఐడియల్స్ అన్నీ ప్రిన్సిపలే, అయినా ఏ కొలత పెట్టినా భాగహారం కుదరదని గణితజ్ఞుడు మోట్స్కిన్ 1949లో చూపాడు.

సెమికోలన్: భాగహారమే లేనప్పుడు అక్కడ ప్రిన్సిపల్ అని ఎలా తేల్చారు మరి?