నీటి లైన్‌కూ నూనె లైన్‌కూ మధ్య పాదరసం మానోమీటర్: పంపులు ఆపినా మట్టాలు ఎందుకు సమం కావడం లేదు?

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో, ద్రవాల ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. మా దగ్గర పక్కపక్కనే రెండు పైపులైన్లు ఉన్నాయి. ఏ లైన్‌లో నీరు, బి లైన్‌లో సాపేక్ష సాంద్రత 0.85 ఉన్న నూనె ప్రవహిస్తాయి. రెండింటి మధ్య పీడన భేదం తెలుసుకోవడానికి కింద పాదరసం నింపిన యూ గొట్టం మానోమీటర్ బిగించాము. ఎడమ భుజం నీటి పైపుకూ, కుడి భుజం నూనె పైపుకూ కలిసి ఉన్నాయి.

నేల నుంచి కొలిస్తే ఏ పైపు మధ్యరేఖ 1500 మి.మీ. ఎత్తులో, బి పైపు మధ్యరేఖ 1200 మి.మీ. ఎత్తులో ఉన్నాయి. రెండు పంపులూ నడుస్తున్నప్పుడు పాదరసం ఎడమ భుజంలో 400 మి.మీ. దగ్గర, కుడి భుజంలో 650 మి.మీ. దగ్గర నిలుస్తోంది. ఇవే అంకెలు తీసుకొని విద్యార్థులు 33.4, 30.9, 27.1 కిలోపాస్కల్ అని మూడు రకాల జవాబులు రాశారు. వీటిలో ఏది సరైనదన్నది నా మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతోంది. పంపులు ఆపి, రెండు పైపుల మధ్యరేఖ మట్టంలో ఉన్న గాలి కాక్‌లు తెరిచి, ద్రవాలు ఆ మట్టానికి దిగి నిలిచాక చూసినా పాదరసం సమంగా ఉండడం లేదు. నూనె వైపు దాదాపు 32 మి.మీ. పైనే ఉంటోంది. స్కేలును జరిపి సున్నా చేయమని కొందరు అంటున్నారు. అలా చేయవచ్చా?

డిప్లొమా విద్యార్థి, చిత్తూరు

సార్, 33.4 తప్పని మాత్రం ఖాయంగా చెప్పగలను. 250 మి.మీ. పాదరసాన్ని నేరుగా 13.6తో హెచ్చించి, భుజాల్లో పాదరసం పైన నిలిచి ఉన్న ద్రవాల బరువును వదిలేస్తే ఆ జవాబు వస్తుంది. పాదరసం పైన నీరు ఉన్నప్పుడు 13.6కు బదులు 12.6 వాడాలని మాకు చెప్పారు. 250ని 12.6తో హెచ్చిస్తే 3150 మి.మీ. నీటి ఎత్తు, అంటే 30.9 కిలోపాస్కల్ వస్తుంది. అయితే మీ పైపులు ఒకే ఎత్తులో లేవు కనుక 300 మి.మీ. తేడాను కూడా తీసివేయాలి. అప్పుడు 2850 మి.మీ. మిగులుతుంది, అది 27.96 కిలోపాస్కల్‌కు సమానం. మీ విద్యార్థులు రాసిన మూడింటిలోనూ ఇది లేదు కాబట్టి మూడూ తప్పే అయి ఉంటాయని నా అభిప్రాయం.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, పలమనేరు

ఈ ప్రయోగాన్ని మేము పాఠశాలలో ప్రతి ఏటా చేయిస్తాము. యూ గొట్టంలో ముందు నీరు పోసి, ఒక భుజంలో నెమ్మదిగా కిరోసిన్ పోస్తే రెండు మట్టాలూ సమం కావు. రెండు ద్రవాలు కలిసే గీత నుంచి పైకి కిరోసిన్ ఎంత ఎత్తు ఉందో, అదే గీత మట్టం నుంచి రెండో భుజంలో నీరు ఎంత ఎత్తు ఉందో కొలిచి, నీటి ఎత్తును కిరోసిన్ ఎత్తుతో భాగిస్తే కిరోసిన్ సాపేక్ష సాంద్రత వస్తుంది. మీ మట్టాలు సమం కాకపోవడానికి కారణం ఇదే. ఇందులో పైపుల పీడనంతో సంబంధం లేదు.

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, రేణిగుంట

టెక్నీషియన్ గారూ, స్కేలును జరపవద్దు. మీ మానోమీటర్ సరిగానే చెబుతోంది.

ఇలాంటి చోట 12.6 వంటి సిద్ధమైన అంకెను గుర్తు పెట్టుకోవడం కంటే ఒక పైపు మధ్యరేఖ దగ్గర మొదలుపెట్టి, గొట్టం వెంబడి దిగి, మళ్ళీ ఎక్కి, రెండో పైపు చేరుకోవడమే క్షేమం. దిగినప్పుడు కలుపుతాము, ఎక్కినప్పుడు తీసివేస్తాము. నీటి పైపు నుంచి 1500 మట్టం మొదలుకొని 400 మట్టం దాకా 1100 మి.మీ. నీరు దిగాము. అక్కడి నుంచి అదే 400 మట్టంలో కుడి భుజానికి దాటవచ్చు, ఎందుకంటే ఆ మట్టానికి కింద రెండు వైపులా ఉన్నది ఒకే పాదరసం, అదీ తెగకుండా ఉన్నది. కుడి భుజంలో 250 మి.మీ. పాదరసం, దానిపైన 650 నుంచి 1200 దాకా 550 మి.మీ. నూనె ఎక్కుతాము.

```
P_A + 1.0×1100 = P_B + 13.6×250 + 0.85×550
P_A − P_B = 3400 + 467.5 − 1100 = 2767.5
```

ఇవి నీటి ఎత్తులో మిల్లీమీటర్లు. 9.81తో హెచ్చిస్తే సుమారు 27,150 పాస్కల్, అంటే 27.15 కిలోపాస్కల్. నీటి లైన్‌లోనే పీడనం ఎక్కువ. కాబట్టి 27.1 అని రాసిన విద్యార్థి లెక్క సరైనది.

చిత్తూరు బాబూ, నీ పద్ధతి రెండు భుజాల్లోనూ నీరే ఉన్నప్పుడు అక్షరాలా సరిపోతుంది, ఎత్తు తేడాను తీసివేయడం కూడా సరైనదే. ఇక్కడ కుడి భుజంలో 550 మి.మీ. మేర ఉన్నది నూనె. దాన్ని నీరుగా లెక్కించినందువల్ల 550లో 0.15 వంతు, అంటే 82.5 మి.మీ. నీ జవాబులో ఎక్కువగా చేరింది. 2850కీ 2767.5కీ ఉన్న తేడా సరిగ్గా అదే.

ఇక 32 మి.మీ. సంగతి. గాలి కాక్‌లు తెరిచినప్పుడు రెండు పైపుల మధ్యరేఖల దగ్గరా వాతావరణ పీడనమే ఉంటుంది. అయినా ఎడమవైపు నీటి స్తంభం పొడవైనదీ, బరువైనదీ. కుడివైపు నూనె స్తంభం పొట్టిదీ, తేలికైనదీ. నీటి స్తంభం పాదరసాన్ని కిందికి నొక్కుతుంది, నూనె వైపు పాదరసం లేస్తుంది. ఎంత లేవాలో కూడా లెక్కించవచ్చు. రెండు భుజాల లోపలి వ్యాసం ఒకటే అయితే ఒకవైపు దిగినంతే రెండోవైపు లేస్తుంది కనుక రెండు మట్టాల మొత్తం ఎప్పుడూ 1050 గానే ఉంటుంది. దానితో పై సమీకరణాన్ని సరళం చేస్తే, మట్టాల తేడాను d అనుకున్నప్పుడు మీ అమరికకు ఇలా వస్తుంది.

```
P_A − P_B = 12.675×d − 401.25
```

ఇందులో 12.675 అంటే 13.6 నుంచి నీరు, నూనెల సగటు 0.925ను తీసివేయగా వచ్చినది. పీడన భేదం సున్నా అయినప్పుడు d విలువ 31.7 మి.మీ. మీరు చూస్తున్న 32 అదే. స్కేలును జరిపి దాన్ని సున్నా చేస్తే, ఆ తరువాత 250 ఉండవలసిన చోట 218 చదువుతారు. అదే సూత్రంలో పెడితే సుమారు 400 మి.మీ. నీటి ఎత్తు మాయమవుతుంది.

పలమనేరు మాస్టారు గారూ, ఇక్కడ రెండు ద్రవాలూ పాదరసానికి చెరొక వైపున ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి తాకవు. కాబట్టి మీ ప్రయోగం ఈ అమరికకు వర్తించదు. అయితే ఆ నూనె నిజంగా 0.85 ఉందో లేదో తేల్చడానికి మీ పద్ధతి చక్కగా పనికివస్తుంది. టెక్నీషియన్ గారు అది ఒకసారి చేసి చూడడం మంచిది.

మామిడి గుజ్జు కర్మాగారం ఆపరేటర్, చిత్తూరు

నాదీ ఇలాంటి సమస్యే, ఇక్కడే అడుగుతున్నాను. మా దగ్గర నీటి ఫిల్టర్‌కు ముందు, తరువాత పీడన భేదం చూడాలి. సీజన్‌లో ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. పాదరసం యూ గొట్టం పెట్టుకోవచ్చా? మీరు చెప్పిన 12.675 మాకు కూడా వాడవచ్చా?

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, రేణిగుంట

ఆహారం తయారయ్యే చోట పాదరసం వద్దు సార్. పీడనం ఒక్కసారి ఎగిరితే పాదరసం గొట్టం దాటి లైన్‌లోకి వెళ్తుంది. డయల్ ఉన్న డిఫరెన్షియల్ ప్రెషర్ గేజ్ పెట్టుకోండి. పీడన భేదం ఒక మీటరు నీటి ఎత్తు లోపే ఉంటుందని తెలిస్తే, తలకిందులుగా బిగించి పైన గాలి ఉంచిన యూ గొట్టం కూడా సరిపోతుంది. 12.675 అన్నది వారి నీరు, వారి నూనెలకు చెందిన అంకె, అది మీకు పనికిరాదు.

మీకు ఒక సౌకర్యం ఉంది. రెండు వైపులా నీరే కనుక మధ్యలో ఈక్వలైజింగ్ వాల్వ్ పెట్టి, తెరిచి, సున్నా సరిచూసుకోవచ్చు. టెక్నీషియన్ గారి అమరికలో ఆ వాల్వ్ తెరిస్తే పీడనం ఎక్కువున్న నీరు నూనె భుజంలోకి చొరబడుతుంది. అందుకే వారికి గాలి కాక్‌లు తెరిచి 31.7 వస్తోందా అని చూడడమే సున్నా పరీక్ష.

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి

చాలా సంతోషం సార్. స్కేలును ముట్టుకోను. మాస్టారు గారి పద్ధతిలో నూనెను కొలిస్తే 0.87 వచ్చింది. అంటే 550లో 0.02 వంతు, 11 మి.మీ. నీటి ఎత్తు మాత్రమే తేడా. ఇప్పుడు ఇంకో సందేహం. పంపు నడుస్తున్నప్పుడు పాదరసం ఒకచోట నిలవకుండా రెండు మూడు మి.మీ. ఊగుతోంది. దీనికి కారణం పంపా, లేక నీటి వైపు గొట్టంలో గాలి చిక్కుకుందా?

నీటి సరఫరా ఇంజనీర్, శ్రీకాళహస్తి

ఊగడం గురించి చెప్పే ముందు ఒక మాట. అందరూ 13.6 అంటున్నారు. అది 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరి విలువ. వేసవిలో మన తిరుపతి గదిలో 40 డిగ్రీలు ఉంటే పాదరసం సాపేక్ష సాంద్రత 13.5 దగ్గరికి దిగుతుంది. 250 మి.మీ. మీద అది 25 మి.మీ. నీటి ఎత్తు అవుతుంది, నూనె వల్ల వచ్చిన 11 కంటే రెట్టింపుకు పైనే. నీరు కూడా కొంత తేలికపడి, 1100 మి.మీ. స్తంభంలో 8 లేదా 9 మి.మీ. మేర వ్యతిరేక దిశలో సర్దుబాటు చేస్తుంది కానీ పూర్తిగా కాదు. ప్రయోగం రాసే పుస్తకంలో గది ఉష్ణోగ్రత తప్పక రాయించండి.

అయితే మట్టాల తేడాలో 3 మి.మీ. ఊగితే సూత్రం ప్రకారం అది 38 మి.మీ. నీటి ఎత్తు. ముందు ఊగడం ఆపకుండా సాంద్రతల వెంట పడడం వృథా. పైపుల నుంచి మానోమీటర్‌కు వచ్చే గొట్టాల కాక్‌లను కొద్దిగా మూసి చూడండి, పంపు వల్ల వచ్చే ఊగడమైతే తగ్గుతుంది, సగటు మట్టం మాత్రం మారదు. చదివేటప్పుడు కంటిని పాదరసం ఉబ్బు శిఖరానికి సమంగా ఉంచాలి, అంచుకు కాదు.

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, రేణిగుంట

ఇంజనీర్ గారి మాటతో ఏకీభవిస్తున్నాను. గాలి ఉందో లేదో తెలియాలంటే ఇలా చేయండి. నూనె వైపు కాక్ పూర్తిగా తెరిచి ఉంచి, నీటి వైపు కాక్ మూసి, నూనె పంపు నడపండి. మూసిన వైపు నిండా నీరే ఉంటే పాదరసానికి కదలడానికి చోటు ఉండదు. గాలి బుడగ ఉంటే అది నలిగి, పాదరసం నీటి వైపుకు స్పష్టంగా జరుగుతుంది. నీటి భుజంలో నిలువుగా 100 మి.మీ. గాలి ఉంటే దాదాపు 100 మి.మీ. నీటి ఎత్తు, అంటే ఒక కిలోపాస్కల్ తప్పు. ఇంతకుముందు చెప్పుకున్న తేడాలన్నీ దాని ముందు చిన్నవే.

ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి

చేసి చూశాను సార్. పాదరసం 4 మి.మీ. జరిగింది. కానీ మా కనెక్షన్లు గాజువి కావు, మెత్తటి ప్లాస్టిక్ గొట్టాలు. పైనున్న కాక్ దగ్గర బుడగ ఏదీ కనిపించలేదు. కాక్ కొద్దిగా మూస్తే ఊగడం సగానికి తగ్గింది, పూర్తిగా ఆగలేదు.

రిటైర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, రేణిగుంట

మెత్తటి గొట్టమైతే ఆ పరీక్ష ఒక్కటే చాలదు. గొట్టం సాగినా పాదరసం అలాగే జరుగుతుంది. బుడగ ట్యాపింగ్ దగ్గర, పైపు గోడ లోపల కంటికి కనిపించని చోట ఉండే అవకాశం కూడా ఉంది. ఆ గొట్టాల స్థానంలో రాగి గొట్టం బిగించి, పైపు వైపు నుంచి నీరు వదిలి, భుజం పైనున్న కాక్ ద్వారా గాలంతా పోయేదాకా పారనిచ్చి, మళ్ళీ అదే పరీక్ష చేయండి. ఆ 4 మి.మీ.లో గాలి వాటా ఎంతో, గొట్టం సాగిన వాటా ఎంతో అప్పటిదాకా నేను తేల్చి చెప్పలేను.