ముఖ ధ్రువీకరణ ఆగిపోతే లోపం వెలుతురుదా, కెమెరాదా, అనుమతులదా?

గట్టుమీద: నాన్నగారికి వచ్చే పథకం ఈ-కేవైసీ కోసం దాని యాప్‌లో మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాను. ముఖం చూపించిన ప్రతిసారీ విఫలమైందనే వస్తోంది. ఫోన్ మార్చాలా, గది మార్చాలా?

వెన్నెల: ఫోనే మార్చండి. నా పాత ఫోన్‌లో ఎంతకీ కాలేదు. అక్క ఫోన్‌లో మొదటిసారికే అయింది. ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరా ఉంటే ఈ ఇబ్బందే రాదు.

కేంద్రం నిర్వాహకుడు: మెగాపిక్సెళ్ల కన్నా ముందు, పని ఏ దశలో ఆగుతోందో చూడాలండి. ఆధార్ ముఖ ధ్రువీకరణలో ముఖాన్ని తీసుకునేది పథకం యాప్ కాదు, AadhaarFaceRD అనే వేరే యాప్. దానికి తెర మీద ఐకాన్ కనిపించదు కాబట్టి, చాలామంది పథకం యాప్‌కు కెమెరా అనుమతి ఇచ్చి అక్కడితో సరిపోయిందనుకుంటారు. పైగా ఆండ్రాయిడ్ 11 నుంచి, నెలల తరబడి వాడని యాప్‌ల అనుమతులను ఫోనే వెనక్కి తీసుకుంటుంది. ఏడాదికొకసారి వాడేవారికి నిరుడు ఉన్న అనుమతి ఈ ఏడు లేకపోవడానికి అదొక కారణం.

మొన్న ఒక పెద్దావిడ ఫోన్‌లో ముఖం ఉంచాల్సిన వృత్తం నల్లగా ఉండిపోయింది. సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో ఆ పేరు వెతికి కెమెరా అనుమతి ఇవ్వగానే ముఖం కనిపించింది, కానీ ఫొటో మాత్రం పడలేదు. ఆవిడ వీధి గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నారు. వెనక వెలుగు ఎక్కువగా ఉంటే కెమెరా దానికి తగ్గట్టు సర్దుకుని ముఖాన్ని చీకటి చేస్తుంది. గుమ్మం వైపు తిప్పి కూర్చోబెట్టి, లెన్స్ మీది వేలి జిడ్డు మెత్తటి బట్టతో తుడిచి, రెప్పలు వాల్చి తెరవమన్నాను, ఫొటో పడింది. ఫోన్ మాత్రం అదే.

చిన్నపల్లె: మా అమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి, యంత్రం తీసుకోవడం లేదు. వెలుతురు పెంచితే పడతాయా?

కేంద్రం నిర్వాహకుడు: వేలిముద్రకు గది వెలుతురుతో పని లేదమ్మా. అమ్మగారికి ముఖంతో చేయించుకునే వీలు ఆ పథకంలో ఉందేమో అడగండి.

గట్టుమీద: మీరు చెప్పినట్టు కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాను. ఇప్పుడు ఫొటో పడుతోంది, కానీ కాసేపటికి 300 అని వస్తోంది.

కేంద్రం నిర్వాహకుడు: అయితే అనుమతుల చిక్కు తీరినట్టే. 300 అంటే పంపిన ముఖం ఆధార్‌లో ఉన్నదానితో సరిపోలలేదని అర్థం. 330 వచ్చి ఉంటే బయోమెట్రిక్ లాక్ వేసి ఉందని చెప్పేవాడిని. ఆధార్ ఫొటో ఎప్పటిది?

గట్టుమీద: 2012 నాటిది. అప్పుడు ఒళ్లు, గుబురు గడ్డం ఉండేవి. ఇప్పుడు బాగా చిక్కిపోయారు.

కేంద్రం నిర్వాహకుడు: ఫొటోను ఇంట్లో ఆన్‌లైన్‌లో మార్చుకోలేరు, ఆధార్ కేంద్రానికి వెళ్లాల్సిందే.

వెన్నెల: నాకూ 300 వచ్చింది, మరి అదే ఆధార్ ఫొటోతో అక్క ఫోన్‌లో ఎలా అయింది?

కేంద్రం నిర్వాహకుడు: ఆ మాట కాదనను. మసగ్గా పడిన ముఖం కూడా సరిపోలకపోవచ్చు. పోలిక ఎంత దగ్గరగా వచ్చి తప్పిందో తెర మీద చూపరు కనుక, తప్పు పాత ఫొటోదో కెమెరాదో ఇవతల నుంచి తేల్చలేం. అందుకే నాన్నగారిని కేంద్రానికి తీసుకెళ్లే ముందు, పగటిపూట ఇంకో ఫోన్‌లో ఒక్కసారి చూడమంటాను.

గట్టుమీద: ఆయన మంచం దిగడమే కష్టం. రేపు పొద్దున తమ్ముడి ఫోన్‌లో చూసి ఇక్కడే రాస్తాను.