అదే మాట: టీ కొట్టు దగ్గర నవ్వాను, బస్టాండులో నొచ్చుకున్నాను. ఎందుకు?

బ్రాడీపేట వాసి: నాకు ముప్పై దాటగానే జుట్టు ఊడిపోయింది. ప్రతి ఆదివారం మేం నలుగురం గుంటూరు బ్రాడీపేటలో ఒక టీ కొట్టు దగ్గర కలుస్తాం. నేను కనబడగానే ఒకడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని "వచ్చావా గుండూ, ఎండ ఎక్కువైంది" అంటాడు. అందరికంటే ముందు నవ్వేది నేనే. మొన్న విజయవాడ నెహ్రూ బస్టాండులో బస్సెక్కబోతుంటే వెనక నుంచి ఎవరో "ఓ గుండూ, పక్కకు జరుగు" అన్నాడు. జరిగాను. బస్సు మంగళగిరి దాటినా ఆ మాట చెవుల్లోంచి పోలేదు. అక్షరం కూడా తేడా లేదు కదా, మరి ఎందుకింత బాధ?

ఉండవల్లి: తేడా గొంతులో ఉంది. స్నేహితుడు ముద్దుగా సాగదీసి అంటాడు, పరాయివాడు కసిరినట్టు అంటాడు. అతను కాస్త నవ్వుతూ అని ఉంటే మీకు ఏమీ అనిపించేది కాదు.

బ్రాడీపేట వాసి: అతను నవ్వుతూనే అన్నాడండీ. వరుసలో ఇద్దరు కూడా నవ్వారు. దాంతో ఇంకా ఎక్కువ నొప్పి పుట్టింది.

కృష్ణలంక: థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నారా? మా తమ్ముడికి అందువల్లే జుట్టు రాలింది. మందులు మొదలుపెట్టాక కొంత నిలబడింది.

పాత మాస్టారు: కృష్ణలంక గారూ, ఆయన అడిగింది జుట్టు గురించి కాదు. ఉండవల్లి గారి మాట సగం నిజం. గ్రెగరీ బేట్సన్ అనే పరిశోధకుడు 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో జంతుప్రదర్శనశాలలో కోతిపిల్లలు ఆడుకోవడం చూశాడు. అవి పోట్లాడుకుంటున్నట్టే కనిపిస్తాయి, కానీ అది పోట్లాట కాదని రెండింటికీ తెలుసు. "ఇది ఆట" అనే సంకేతం వాటి మధ్య నడుస్తోంది. మీ స్నేహితుడు కళ్లకు అడ్డం పెట్టుకున్న చెయ్యి అలాంటి సంకేతమే.

అయితే సంకేతం కనబడితే చాలదు, దాన్ని నమ్మాలి. మీ జుట్టు ఊడినా ఊడకపోయినా అతనికి ఒకటేనని ఇన్నేళ్లలో మీకు రుజువైంది. బస్టాండులో నవ్విన మనిషి మీతో కలిసి నవ్వలేదు. పక్కవాళ్లతో కలిసి మిమ్మల్ని చూసి నవ్వాడు.

ఇంకొకటి అడుగుతాను. ఆదివారం మీరు తిరిగి ఏమంటారు?

బ్రాడీపేట వాసి: "నీ పొట్ట నీడలో నిలబడతాను, ఎండ తగలదులే" అంటాను. ఎన్నో ఏళ్లుగా అదే జవాబు.

పాత మాస్టారు: చూశారా, అక్కడ మీ వంతు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బస్టాండులో జవాబిస్తే తగాదా, ఊరుకుంటే ఓటమి. మిమ్మల్ని అంతసేపు వెంటాడింది చెప్పకుండా మిగిలిపోయిన ఆ జవాబేనని నా అనుమానం.

తెనాలి: మా ఇంట్లో మేనబావ ఏమన్నా ఎవరికీ కోపం రాదు. ఆటపట్టించకపోతేనే "అలిగాడా" అని అడుగుతారు. అందులో సగం మాట బాబాయి అన్నాడంటే ఇల్లంతా గొడవ. ఇద్దరూ అయినవాళ్లే. కాబట్టి దగ్గరితనం ఒక్కటే కాదు, ఆ హక్కు ఎవరికి ఇచ్చామన్నది కూడా చూడాలి.

పెదకాకాని: నాది వేరే అనుభవం. గుంటూరులో హాస్టల్ గదిలో నా స్నేహితురాలు నన్ను "నల్లపిల్లా" అనేది. నాకు అది ముద్దుపేరు. పెళ్లయిన రెండో నెలలో మా ఇంటికి వచ్చి, మా అత్తగారి ముందు అలాగే పిలిచింది. అదే మనిషి, అదే గొంతు, అదే ప్రేమ. అత్తగారు చేతిలో పళ్లెం పట్టుకునే నా ముఖం వైపు ఒక్క క్షణం చూశారు. నేను నవ్వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమెకు ఇప్పటికీ తెలియదు.

పాత మాస్టారు: అమ్మా, మీ అనుభవం నేను చెప్పినదాన్ని సరిదిద్దుతోంది. అంటే ఆ చనువు మీ ఇద్దరిది కూడా కాదు, ఆ గదిది. గదిలో అది పిలుపు. మీ అత్తగారి చెవిలో మాత్రం మీ రంగు మీద వ్యాఖ్య అయిపోయింది. అన్నవాళ్లకు ఇది తెలియకపోవడంలో వింత లేదు. జస్టిన్ క్రూగర్ అనే మనస్తత్వవేత్త బృందం 2006లో ఇదే పరిశీలించింది. ఆటపట్టించేవాళ్లకు తమ మంచి ఉద్దేశం చాలా స్పష్టంగా కనబడుతుంది, పడేవాళ్లకు అది అంతగా చేరదు.

ఉండవల్లి: అయితే పెదకాకాని గారు ఆమెకు చెప్పాలి కదా?

పెదకాకాని: చెబితే ఆ పిలుపే ఆగిపోతుంది. ఫోనులో మేమిద్దరమే మాట్లాడుకునేటప్పుడు నాకు అది కావాలి.

తెనాలి: "మా ఇంట్లో వద్దు, ఫోనులో సరే" అని చెప్పవచ్చు కదా.

పెదకాకాని: అలా నియమం పెట్టాక ఆమె ముందులా పిలవగలదా? నాకు నమ్మకం లేదు.

బ్రాడీపేట వాసి: మీది చదివాక ఒకటి గుర్తొచ్చింది. పోయిన నెల మా అబ్బాయిని కూడా టీ కొట్టుకు తీసుకెళ్లాను, వాడు ఏడో తరగతి. మావాడు మామూలుగానే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, నేను మామూలుగానే నవ్వాను. అబ్బాయి నవ్వలేదు. బండి మీద ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. ఎండకు అలసిపోయాడనుకున్నాను.