కస్టమర్ పెట్టిన మెసేజ్‌ని క్యాప్షన్ చేస్తే ఎంతవరకు కట్ చేయొచ్చు?

కొత్తవాడ దర్రీలు: మా దగ్గర దర్రీ కొన్న ఒక అక్క వాట్సాప్‌ల ఇట్ల పెట్టింది: "దర్రీ మంచిగుంది, రెండుసార్లు ఉతికిన, మొదటిసారి ఎర్రరంగు కొంచెం ఇడిసింది గని తర్వాత ఏం పోలే, మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, దీనిమీద కూసుంటే సల్లగ తగుల్తలేదంటది." స్టేటస్‌ల పెట్టుకోవచ్చా అంటే పెట్టుకో అన్నది. ఇన్‌స్టాల "రంగు పోని దర్రీ, అమ్మ మోకాళ్లకు హాయి" అని ఆమె పంపిన ఫొటోతోని పెట్టి బూస్ట్ చేద్దామనుకుంటున్న. ఓకేనా?

రవి_హెచ్ఎన్‌కె: పేరు తీసెయ్ అన్నా, పేరు లేకుంటే పర్మిషన్ ఎందుకు. మెసేజ్ నీకే కదా పంపింది.

శారద (పేజీలు చూస్తా): పేరు తీసుడు మంచిదే రవీ, కానీ ఫొటోల ఆమె హాల్ కనిపిస్తది, అమ్మ మోకాళ్ల సంగతి ఉంటది, చుట్టాలు చూస్తే ఎవరో వెంటనే పట్టేస్తరు. ఆ అమ్మనైతే ఎవ్వరూ అడగనే లేదు, అది మొత్తానికే తీసెయ్యాలె. పైగా మోకాళ్లకు హాయి అంటే దర్రీతోని నొప్పి తగ్గుతదన్నట్టు అయితది, ఆమె అన్నది సల్లగ తగుల్తలేదని మాత్రమే.

ఇంగ "రంగు పోని" అన్నది ఆమె చెప్పనే లేదు, మొదటిసారి ఇడిసిందనే చెప్పింది. అది నమ్మి కొన్నోళ్లు తెల్ల బట్టలతోని కలిపి నానబెడితే కామెంట్లల్ల నిన్నే అడుగుతరు. క్యాప్షన్‌ల ఆమె మాటలు కొన్ని తీసెయ్యొచ్చు గని కొత్తయి కలపకు: "రెండుసార్లు ఉతికిన, మొదటిసారి ఎర్రరంగు కొంచెం ఇడిసింది గని తర్వాత ఏం పోలే." కింద "హన్మకొండ కస్టమర్" అని చాలు. ఆ కొంచెం ఇడిసింది అన్నదాంతోనే ఇది నిజమైన మనిషి మాట అని తెలుస్తది.

స్టేటస్ 24 గంటల్లో పోతది, చూసేది నీ నంబర్ సేవ్ చేసుకున్నోళ్లే. బూస్ట్ అంటే తెలియనోళ్లకు పోతది, దానికి మళ్ల అడగాలె. ఇట్ల పంపు: "అక్కా, ఈ లైన్, ఈ ఫొటో ఇన్‌స్టాల యాడ్‌గ పెడ్తా, పేరు ఉండదు, ఎప్పుడు వద్దన్నా తీసేస్తా, సరేనా?" జవాబు రాకుంటే పెట్టకు. స్క్రీన్‌షాట్ దాచుకో. తీసెయ్యమంటే పోస్ట్‌తోపాటు యాడ్ కూడా ఆగిందా చూడు.

మణి బొటిక్: మేమైతే రివ్యూ రాస్తే బ్లౌజ్ కుట్టుకూలిల తగ్గిస్తం, గూగుల్‌ల స్టార్లు పెరిగినయి, నువ్వు కూడా అట్ల చెయ్యి.

శారద: మణీ, ఇక్కడ అడిగింది అది కాదు. అయినా గూగుల్ రూల్స్‌ల డిస్కౌంట్ ఇచ్చి రివ్యూ రాయించుకోవద్దని ఉంది, తీసేస్తరు. అట్లాంటి మాటను క్యాప్షన్‌గ పెడితే తగ్గింపు ఇచ్చినమని కూడా రాయాలె.

రవి_హెచ్ఎన్‌కె: సరే ఫొటో తీసేసి ఆ రంగు లైన్ ఒక్కటే పెడితే? అప్పుడు కూడా అడగాలెనా?

శారద: నేనైతే అడుగుతా. చట్టం మాట పక్కన పెట్టు, ఆమె స్టేటస్‌కు ఒప్పుకున్నది, యాడ్‌కు కాదు.

రవి_హెచ్ఎన్‌కె: ఒక్క లైన్‌కు ఇంత అవసరం లేదనే నేనంటా.

కొత్తవాడ దర్రీలు: శారదక్కా, మీరు రాసిన మెసేజే పంపిన. లైన్ ఓకే అన్నది, ఫొటో వద్దన్నది. మగ్గం మీదున్న దర్రీ ఫొటో పెడ్తున్న.