తప్పు అడ్రస్ కొడితే సెర్చ్ పేజీ వస్తోంది: ప్రొవైడర్ పనా, రౌటర్‌లో ఎవరైనా దూరారా?

కూకట్‌పల్లి రవళి
నిన్న రాత్రి ఆస్తి పన్ను కడదామని కూర్చుని `ghmc.gov.in` బదులు `ghnc.gov.in` అని కొట్టాను. సైటు లేదని రావలసిన చోట ఏదో సెర్చ్ పేజీ తెరుచుకుంది. నేను కొట్టిన తప్పు అక్షరాలే పైన పెట్టెలో ఉన్నాయి, కింద వ్యక్తిగత రుణాల ప్రకటనలు. తాళం గుర్తు లేదు. మావారి ఫోనులో అదే వైఫై మీద అదే అడ్రస్ కొడితే మామూలుగా సైటు దొరకలేదనే వచ్చింది. పోయిన వారమే టెక్నీషియన్ వచ్చి రౌటర్ మార్చి వెళ్లాడు. ఇది ప్రొవైడర్ చేసేదేనా, మా రౌటర్ ఎవరి చేతికైనా చిక్కిందా? బ్యాంకు పాస్‌వర్డు మార్చాలా? కొత్త రౌటర్ కొనాలంటే ఏది మంచిది?

మలక్‌పేట మామయ్య
బిల్లు కట్టారా అమ్మా? మాకు గడువు దాటిన మర్నాడు ఏ సైటు కొట్టినా డబ్బు కట్టమనే పేజీ వచ్చేది. మా అబ్బాయి హ్యాకింగు అని కంగారుపడి రౌటర్ తీగ పీకేశాడు. కట్టాక అంతా సర్దుకుంది.

కూకట్‌పల్లి రవళి
కట్టాను మామయ్యగారూ. సరైన అడ్రస్ కొడితే అన్నీ వస్తున్నాయి. లేని అడ్రస్ కొట్టినప్పుడే ఈ గోల.

రాత్రి డ్యూటీ
దీనికింత చర్చ ఎందుకు? సైటు పేరుకు అంకెల అడ్రస్ చెప్పే సర్వరే డీఎన్‌ఎస్. ల్యాప్‌టాప్‌లో దాన్ని గూగుల్‌వాళ్ల 8.8.8.8 అని పెట్టుకోండి, అయిపోతుంది. ప్రొవైడర్లు ప్రకటనల డబ్బు కోసం చేసే పని ఇది. దొంగలైతే సెర్చ్ పేజీ చూపిస్తారా? నేరుగా బ్యాంకు పేజీకే నకలు పెడతారు. తాళం గుర్తు ఉన్నంతవరకు ఎవరూ ఏమీ చేయలేరు.

పాత సర్వర్
పై జవాబులో సగం నిజం, సగం ప్రమాదం. నేను ఈ పనిలోకి వచ్చిన నాటికి ఇక్కడ చాలామంది బడికి కూడా వెళ్లి ఉండరు, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు రవళి గారికి. మీ అదృష్టం, `.gov.in` అడ్రస్‌లో తప్పు కొట్టారు. `.com` అయితే ఆ తప్పు పేరును ఎవరో నిజంగానే కొని, ప్రకటనలు పెట్టుకుని ఉండవచ్చు. అప్పుడు మీ ప్రొవైడర్‌కీ రౌటర్‌కీ సంబంధమే ఉండదు. `.gov.in` పేర్లను ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, రుణాల ప్రకటనలవాడికి ఇవ్వరు. అంటే ఆ పేరు లేదు. లేని పేరుకు ఎవరో 'ఉంది' అని అబద్ధం చెప్పారు. ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందన్నదే ప్రశ్న.

బ్రౌజర్‌ను పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ మూడూ కొట్టండి. చివరి చుక్క మరిచిపోవద్దు. అది లేకపోతే విండోస్ ఆ పేరుకు తన తోకలు తగిలించి అడుగుతుంది.

```
nslookup zqkvjx58213.com.
nslookup zqkvjx58213.com. 8.8.8.8
nslookup zqkvjx58213.com. 192.0.2.1
```

ఆ పేరు నేను గాలిలోంచి తీసింది. మొదటి వరుస మీ రౌటర్‌ను అడుగుతుంది. రెండోది గూగుల్‌ను అడుగుతుంది. మూడోదే అసలు పరీక్ష. 192.0.2.1 అనేది పుస్తకాల్లో ఉదాహరణల కోసం కేటాయించిన అంకె, అక్కడ ఏ సర్వరూ ఉండదు. అక్కడి నుంచి జవాబు వచ్చిందంటే, మీ ప్రశ్నను దారిలోనే ఎవరో పట్టుకుని తామే బదులిస్తున్నారని అర్థం. అలాంటప్పుడు 8.8.8.8 పెట్టుకున్నా ఒరిగేదేమీ లేదు.

స్వప్న, అల్వాల్
ప్రకటనలే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు నా గొడవ చెప్పాలి. ఇంటి నుంచి పని. ఇంటి డీఎన్‌ఎస్ 'ఆ పేరు లేదు' అంటేనే ఆఫీసు డీఎన్‌ఎస్‌ను అడిగేలా మావాళ్లు ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ అమర్చారు. మా ప్రొవైడర్ 'లేదు' అనే మాటే అనడు. ఆఫీసు లోపలి ఫైళ్ల సర్వర్ పేరు కొడితే ప్రకటనల సర్వర్‌కు వెళ్లి కూర్చునేది. రెండు రోజులు సెలవు పెట్టించింది ఆ 'సేవ'!

ఆ సెర్చ్ పేజీ అడుగున 'ఈ సౌకర్యం వద్దు' అనే లింకు కనిపించి సంతోషంగా నొక్కాను. అది బ్రౌజర్‌లో ఒక కుకీ పెట్టి ఊరుకుంది. ప్రకటనల బదులు తెల్లటి పేజీలో 'దొరకలేదు' అని రాసి చూపించింది. డీఎన్‌ఎస్ మాత్రం అదే అబద్ధం చెబుతూనే ఉంది. వీపీఎన్‌కు కుకీలతో పనేమిటి?

రాత్రి డ్యూటీ
పాత సర్వర్ గారూ, దారిలో పట్టుకోవడం మన దగ్గర ఎవరు చేస్తారండీ? మాది ఉప్పల్, ఐదేళ్లుగా 8.8.8.8 వాడుతున్నాను, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. అనవసరంగా భయపెడుతున్నారు.

పాత సర్వర్
మీకు రాలేదు కాబట్టి లోకంలో లేదంటారా? డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్లే దారి 53వ పోర్టు, దాని మీద వెళ్లే ప్రశ్నకు రహస్యమేమీ ఉండదు. రౌటర్‌లో ఒక్క వరుస రాస్తే చాలు, ఎవరిని అడిగినా జవాబు అక్కడి నుంచే వస్తుంది. 192.0.2.1 పరీక్షకు నిమిషం కూడా పట్టదు. ఐదేళ్ల అనుభవం చెప్పేముందు ఆ నిమిషం ఖర్చుపెట్టండి.

రాత్రి డ్యూటీ
చేశాను. `timed out` అని వచ్చింది. ఇప్పుడు తృప్తా?

పాత సర్వర్
చాలా. మీ దారి శుభ్రంగా ఉంది. తాళం సంగతికి వద్దాం. దొంగ నకలు బ్యాంకు పేజీకి ఆ బ్యాంకు పేరు మీద సర్టిఫికెట్ తెచ్చుకోవడం కష్టం, కాబట్టి బ్రౌజర్ పెద్ద హెచ్చరిక చూపిస్తుంది. అంతవరకు మీరు చెప్పింది నిజం. ఆ హెచ్చరికను దాటుకుని 'ముందుకు వెళ్లు' నొక్కేవాళ్ల సంగతేమిటి? పైగా ఒక అక్షరం తేడాతో కొన్న పేరుకు తాళం ఎవరికైనా దొరుకుతుంది. తాళం ఉందంటే మీరు అడ్రస్ బార్‌లో ఉన్న పేరుతోనే మాట్లాడుతున్నారని అర్థం. ఆ పేరు మీరు అనుకున్నదేనా అన్నది మీరే చదువుకోవాలి.

చారుమతి
అన్నగారి గొప్పలు బాగానే ఉన్నాయి కానీ, దొంగలు సెర్చ్ పేజీ చూపించరన్న మాటకు జవాబు రాలేదు.

పాత సర్వర్
గొప్పలు కావమ్మా, దెబ్బలు. 2003 సెప్టెంబరులో `.com`, `.net` పేర్ల పట్టికను నడిపే వెరిసైన్ సంస్థే ఈ పని చేసింది. లేని పేరు ఏది అడిగినా తన సైట్ ఫైండర్ పేజీకి పంపింది. మెయిల్ పంపినవాడి డొమైన్ అసలు ఉందా అని చూసి చెత్తను ఆపే మా ఏర్పాటు ఆ రోజే చచ్చుబడింది, ఎందుకంటే ప్రతి పేరూ 'ఉంది'. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ గట్టిగా చెప్పాక అక్టోబరు 4న ఆపారు. పేజీ పెట్టినవాడు పెద్ద సంస్థ కావచ్చని చెప్పడానికి ఇది.

రెండో వైపు కూడా ఉంది. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే వైరస్ కంప్యూటర్లలో డీఎన్‌ఎస్ అంకెలు మార్చింది. పాస్‌వర్డు మార్చని రౌటర్లలోకీ దూరింది. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకునే నాటికి బాధిత కంప్యూటర్లు సుమారు 40 లక్షలు. వాళ్ల రాబడి ప్రధానంగా ప్రకటనల మీదే. కాబట్టి ప్రకటనలు కనిపించాయి, ఇది ప్రొవైడరే అని తీర్మానించడం తప్పు. అలాగే ప్రకటనలు లేవు కాబట్టి దొంగ లేడనడమూ తప్పు. బ్యాంకు పాస్‌వర్డుల దొంగ లేని పేర్లకు నిజమే చెప్పి, తనకు కావలసిన నాలుగు పేర్లకే అబద్ధం చెబుతాడు.

కూకట్‌పల్లి రవళి
ఇవిగో ఫలితాలు. మొదటిదానికి ఏదో అంకె వచ్చింది, అంటే 'ఉంది' అంటోంది. రెండోది:

```
*** dns.google can't find zqkvjx58213.com.: Non-existent domain
```

మూడోది `timed out`. మావారి ఫోనులో 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' అనే చోట `dns.google` అని ఉంది. ఎప్పుడు పెట్టుకున్నారో ఆయనకే గుర్తులేదు.

పాత సర్వర్
ఫోను చిక్కు విడిపోయింది. అది రౌటర్‌ను అడగకుండా, మూసిన కవరులో నేరుగా గూగుల్‌ను అడుగుతోంది. దారిలో పట్టుకునేవాడూ లేడు. అబద్ధం మీ రౌటర్‌లోనో, అది అడిగే సర్వర్‌లోనో ఉంది. రౌటర్ పేజీ `192.168.1.1` తెరిచి, బయటి ఇంటర్నెట్ వైపు వివరాలుండే వాన్ స్థితిలో ఉన్న డీఎన్‌ఎస్ అంకెలు చూడండి. అదే ప్రొవైడర్ ఉన్న పక్కింటివాళ్లవీ చూడండి.

మలక్‌పేట మామయ్య
ఇంత కష్టం ఎందుకు, కేబుల్ అబ్బాయికి ఫోను చేస్తే వాడే చూస్తాడుగా.

స్వప్న, అల్వాల్
ఆ అబ్బాయి పెట్టిందే అయితే?

కూకట్‌పల్లి రవళి
మూడో అంతస్తు ఆంటీ ఇంట్లో చూసి వచ్చాను. వాళ్లకూ తప్పు పేరు కొడితే అదే పేజీ, అవే రుణాల ప్రకటనలు. వాళ్ల రౌటర్‌లో డీఎన్‌ఎస్ 'ఆటోమేటిక్' అని ఉంది, ఒక్కటే అంకె. మా దాంట్లో చేత్తో రాసినవి రెండున్నాయి. మొదటిది ఆంటీవాళ్లదే. రెండోది వేరు, వెతికితే విదేశాల్లో ఏదో హోస్టింగు సంస్థది అని వచ్చింది. టెక్నీషియన్‌ను అడిగితే 'స్పీడు కోసం పెట్టాను మేడం' అన్నాడు.

రాత్రి డ్యూటీ
చూశారా, సెర్చ్ పేజీ ప్రొవైడర్‌దే! నేను మొదటే చెప్పాను.

చారుమతి
మీరు మొదటే చెప్పినదాంట్లో ఈ రెండో అంకె సంగతి ఎక్కడ?

పాత సర్వర్
సెర్చ్ పేజీ ప్రొవైడర్‌దే, ఒప్పుకుంటాను. రెండో అంకెనే నేరుగా అడిగి చూడండి. `nslookup` లో 8.8.8.8 ఉన్న చోట దాన్ని పెట్టండి. ముందు లేని పేరు, తర్వాత మీ బ్యాంకు పేరు. బ్యాంకుకు వచ్చే అంకె గూగుల్ చెప్పినదానికంటే వేరుగా ఉన్నా వెంటనే కంగారుపడవద్దు. పెద్ద సైట్లు చోటును బట్టి వేరు వేరు అంకెలు ఇస్తాయి. ఆ అంకె ఏ సంస్థదో చూడాలి.

కూకట్‌పల్లి రవళి
లేని పేరుకు లేదనే చెప్పింది. బ్యాంకుకు రెండు చోట్లా ఒకే అంకె వచ్చింది. అంటే మంచిదేనా?

పాత సర్వర్
ఈరోజు నిజం చెప్పింది, అంతే. ఎవరిదో తెలియని సర్వర్ రేపు ఏం చెబుతుందో నేను హామీ ఇవ్వలేను. అతను నిజంగానే వేగం కోసం పెట్టి ఉండవచ్చు, ఏ వీడియోలోనో చూసి. మీరు మాత్రం రౌటర్‌ను వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయండి. అంతకుముందే ఇంటర్నెట్ లాగిన్ పేరు, పాస్‌వర్డు రాసి పెట్టుకోండి, లేకపోతే మళ్లీ అతన్నే పిలవాలి. తర్వాత అడ్మిన్ పాస్‌వర్డు మార్చండి, బయటి నుంచి రౌటర్ తెరిచే ఐచ్ఛికం ఆపండి. ఆ రెండు అంకెల స్థానంలో పేరున్న సంస్థలు క్లౌడ్‌ఫ్లేర్, క్వాడ్9 నడిపే 1.1.1.1, 9.9.9.9 రాసుకుంటే సెర్చ్ పేజీ కూడా పోతుంది. బ్యాంకు సైటులో ఈ వారంలో సర్టిఫికెట్ హెచ్చరిక ఏమైనా వచ్చిందా?

కూకట్‌పల్లి రవళి
నాకు రాలేదు. మా అత్తగారు మొన్న నా ల్యాప్‌టాప్‌లో ఏదో ఎర్ర పేజీ వస్తే 'సరే' నొక్కానని ఇప్పుడే అంటున్నారు. ఏ సైటో గుర్తులేదట.

స్వప్న, అల్వాల్
పాస్‌వర్డు మార్చేయండి రవళి గారూ. మీ ల్యాప్‌టాప్ వద్దు, మీవారి ఫోను అన్నారే, అందులోంచి, మొబైల్ డేటా మీద.

మలక్‌పేట మామయ్య
ఆస్తి పన్ను కట్టారా మరి?